హద్దు దాటిన ఓడను ఎవరూ పట్టుకోలేరా?

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాను. మా తమ్ముడు పశ్చిమ ఆఫ్రికా వైపు తిరిగే చిన్న ఆయిల్ ట్యాంకర్‌లో సీమన్. ఓనర్ దుబాయ్‌లో ఉంటాడట, జెండా కొమొరోస్‌ది. రాత్రిపూట చేపల ఓడలకు డీజిల్ పోస్తారు. పోయిన నెల ఒక గస్తీ బోటు నీలం లైటు వేసుకుని వెంటపడితే కెప్టెన్ ఆపకుండా హద్దు దాటించాడట. తమ్ముడు భయపడి ఫోన్ చేశాడు. ఏజెంటును అడిగితే "హద్దు దాటాక ఎవ్వరూ ముట్టుకోలేరు, ఓడ మీద జెండా దేశం చట్టమే నడుస్తుంది" అన్నాడు. నిజమేనా సార్? ఓనర్ ఒక దేశం, జెండా ఇంకో దేశం, పనివాళ్ళు మనోళ్ళు. ఇది చెల్లుతుందా? పట్టుకుంటే మన ఇండియా వాళ్ళు విడిపిస్తారా?
– ఒక అన్న, మిర్యాలగూడ

జవాబు:

ఏజెంటు చెప్పిన రెండు మాటల్లో ఒకటి సగం నిజం, ఇంకొకటి అబద్ధం. ఆ సగం నిజాన్ని నమ్ముకునే చాలామంది పిల్లలు పరాయి దేశం జైళ్ళలో నెలలకు నెలలు ఉండిపోయారు. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ ఆఫీసుకు లారీ రాగానే ముందు ఆర్సీ అడుగుతారు కదా. ఓడకు కూడా ఆర్సీ ఉంటుంది. ఏ దేశం దాన్ని రిజిస్టర్ చేసిందో ఆ దేశం జెండా ఓడ మీద ఎగురుతుంది, ఆ దేశాన్నే ఫ్లాగ్ స్టేట్ అంటారు. ఇంతవరకూ లారీ లాగే. తేడా తర్వాత వస్తుంది. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నాగాలాండ్, అరుణాచల్ నంబర్లతో ప్రైవేటు బస్సులు తిరగడం మీరు రోజూ చూస్తుంటారు. ఆ బస్సు నాగాలాండ్‌ను జన్మలో చూసి ఉండదు. కానీ నకిరేకల్ దగ్గర మన ఆర్టీవో దాన్ని ఆపి కాగితాలు అడగొచ్చు, కేసు రాయొచ్చు. నంబరు ప్లేటు ఎక్కడిదైనా రోడ్డు మనది. నడి సముద్రంలో రోడ్డు ఎవరిదీ కాదు. అందుకని అక్కడ ఓడను ఆపే, తనిఖీ చేసే అధికారం జెండా దేశానికి తప్ప ఇంకెవరికీ లేదని 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 92వ అధికరణం చెబుతుంది. ఏజెంటు చెప్పిన సగం నిజం ఇదే. దీనికి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో మీ తమ్ముడి ఓడకు సరిగ్గా తగిలేది 111వ అధికరణం, హాట్ పర్స్యూట్. అంటే తన నీళ్ళలో తప్పు చేసి పారిపోతున్న ఓడను హద్దు దాటినా వెంటాడి పట్టుకునే హక్కు.

మీరు అడిగినవన్నీ ఒకే ఓడ విషయంలో కోర్టు దాకా వెళ్ళి తేలిన కేసు ఒకటి ఉంది. ఓడ పేరు సైగా. అదీ చేపల ఓడలకు డీజిల్ పోసే ట్యాంకరే, అదీ పశ్చిమ ఆఫ్రికాలోనే. మీ తమ్ముడు ఈ కథ మొత్తం తెలుసుకోవాలి.

సైగా ఓనర్ కంపెనీ సైప్రస్‌ది. ఓడను నడిపించే మేనేజ్‌మెంట్ స్కాట్లాండ్‌లో. అద్దెకు తీసుకున్నవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని జెనీవావాళ్ళు. కెప్టెన్, సిబ్బంది యుక్రెయిన్‌వాళ్ళు. పెయింటింగ్ పనికి ఎక్కిన ముగ్గురు సెనెగల్‌వాళ్ళు. జెండా మాత్రం కరీబియన్ సముద్రంలో ఉండే సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ అనే చిన్న ద్వీప దేశానిది. ఆ రిజిస్ట్రేషన్ కూడా పక్కాది కాదు. 1997 మార్చి 12న ఇచ్చిన ప్రొవిజనల్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్. ఆరు నెలలకు, సెప్టెంబర్ 12తో దాని గడువు అయిపోయింది. ఈ తేదీ గుర్తుంచుకోండి.

అక్టోబర్ 24న సైగా సుమారు 5,400 టన్నుల డీజిల్‌తో సెనెగల్‌లోని డకార్ నుంచి బయలుదేరింది. 27న తెల్లవారుజామున నాలుగింటి నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు మూడు చేపల ఓడలకు డీజిల్ పోసింది. చోటు గినియా దేశపు అల్కాట్రాజ్ దీవికి 22 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, కాబట్టి దాదాపు నల్గొండ నుంచి మిర్యాలగూడ ఉన్నంత దూరం. తర్వాత ఇంకొన్ని చేపల ఓడలకు పోద్దామని దక్షిణంగా వెళ్ళింది. 28న ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో, గినియాకు కొన్ని హక్కులు ఉండే ఆర్థిక మండలి దక్షిణపు హద్దు దాటిన చోట ఉండగా గినియా గస్తీ బోటు వచ్చి పడింది.

నిండా లోడుతో ఉన్న ట్యాంకర్ నీళ్ళలోకి బాగా దిగి ఉంటుంది, డెక్కుకీ నీళ్ళకీ పెద్ద ఎత్తు ఉండదు. బోటులోంచి పైకెక్కడం సులువు. సైగా వేగం ఎంత తొక్కినా పది నాట్లు, అంటే గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. మన ఊళ్ళో సైకిల్ మీద వెళ్ళేంత. అలాంటి ఓడ మీద గస్తీ బోటు పెద్ద ఆటోమేటిక్ తుపాకీతో అసలు గుండ్లే కాల్చింది. పైకెక్కాక కూడా ఎవరూ ఎదురు తిరగకపోయినా డెక్కు మీద కాల్పులు జరిపారు. ఇంజిన్ ఆపడానికి ఇంజిన్ రూమ్‌లో కాల్చారు. ఇద్దరికి తీవ్రంగా గాయాలయ్యాయి. వాళ్ళలో ఒకరు ఆ సెనెగల్ పెయింటర్లలోనివాడు. కూలీకి రంగు వెయ్యడానికి ఎక్కినవాడు అతను. జెండా ఎవరిది, డీజిల్ ఎవరిది అన్న గొడవతో అతనికి ఏం సంబంధం? ఈ కేసు చదివిన ప్రతిసారీ నాకు ముందు అతనే గుర్తొస్తాడు.

ఓడను గినియా రాజధాని కొనాక్రీ రేవుకు లాక్కెళ్ళి 4,941 టన్నుల డీజిల్ దింపేసుకున్నారు. కెప్టెన్ మీద స్మగ్లింగ్ కేసు పెట్టి పెద్ద జరిమానా వేశారు. సెయింట్ విన్సెంట్ ప్రభుత్వం జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. అప్పుడే కొత్తగా ఏర్పడిన ఆ ట్రిబ్యునల్‌కు ఇదే మొదటి కేసు. 1999 జూలై 1న అసలు తీర్పు వచ్చింది.

గినియా చెప్పుకున్నది హాట్ పర్స్యూటే. మా నీళ్ళలో తప్పు చేశాడు, వెంటాడి హద్దు బయట పట్టుకున్నాం అంది. ట్రిబ్యునల్ ఒక్కొక్క షరతూ పట్టి చూసింది. ఈ షరతులన్నీ ఒకేసారి ఉండాలి. ఒకటి తప్పినా హక్కు పోతుంది. అందుకే ఇక్కడ నిదానంగా చదవండి.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు ప్రాదేశిక జలాలు, అంటే ఆ దేశం భూమి లాంటివే. 24 మైళ్ళ వరకు దాన్ని ఆనుకున్న పట్టీ, కాంటిగ్యుయస్ జోన్. అక్కడ కస్టమ్స్, పన్నులు, ఇమ్మిగ్రేషన్ లాంటి కొద్ది విషయాల్లో అధికారం ఉంటుంది. 200 మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపలు, సముద్రం అడుగున ఉండే సంపద లాంటి వాటి మీద హక్కు. వెంటాట మొదలయ్యే సమయానికి ఓడ వీటిలో ఒక దాంట్లో ఉండాలి, ఆ చోట నడిచే చట్టాన్నే అది మీరి ఉండాలి. గినియా తన కస్టమ్స్ చట్టాన్ని తీరం నుంచి 250 కిలోమీటర్ల దాకా సాగదీసి వాడింది. ఆర్థిక మండలి అంతటా కస్టమ్స్ చట్టం నడపడానికి మీకు హక్కు లేదని ట్రిబ్యునల్ చెప్పింది. అక్కడికే సగం కేసు కూలింది.

రెండోది సిగ్నల్. ఆగమని లైటుతోనో సైరన్‌తోనో చెప్పాలి. అది ఓడలోవాళ్ళకు కనిపించేంత, వినిపించేంత దగ్గర నుంచి ఇవ్వాలి. సిగ్నల్ ఇచ్చాకే వెంటాట మొదలైనట్టు లెక్క. గినియా తెల్లవారుజామున నాలుగింటికే వెంటాట మొదలైందంది. సైరన్ మోగించామని, నీలం లైటు వేశామని చెప్పింది కూడా ఓడకు దగ్గరగా వచ్చాక, ఉదయం. సైగా సిబ్బంది అసలు ఏ సిగ్నలూ రాలేదన్నారు. గినియా చెప్పిందే నిజమనుకున్నా, అది వెంటాట మొదట్లో ఇచ్చిన సిగ్నల్ కాదు కదా అంది ట్రిబ్యునల్.

మూడోది, వెంటాట మధ్యలో తెగకూడదు. అర్ధరాత్రికి ముందు సైగాను వెతకడానికి బయలుదేరిన చిన్న బోటును, ఓడ దారి మార్చిందని తెలిసి గినియావాళ్ళే వెనక్కి పిలిచారు. అలా పిలవడంతోనే వెంటాట తెగిపోయిందని ట్రిబ్యునల్ తేల్చింది. ఇవన్నీ పోగా బలప్రయోగం ఒకటి మిగిలింది. ముందు సిగ్నల్ ఇవ్వాలి, తర్వాత ఓడ ముందు నుంచి హెచ్చరికగా కాల్చాలి, అప్పటికీ ఆగకపోతేనే, అదీ మళ్ళీ హెచ్చరించాకే బలం వాడాలి. గినియా ఈ మెట్లన్నీ దాటేసి నేరుగా గుండ్లు పేల్చింది. సెయింట్ విన్సెంట్‌కు వడ్డీ కలిపి 21,23,357 డాలర్లు కట్టమని తీర్పు వచ్చింది.

ఇప్పుడు మీ తమ్ముడి ఓడలో ఆ రాత్రి జరిగినదాన్ని దీనితో పోల్చి చూడండి. నీలం లైటు వేసుకుని బోటు వెంటపడింది అని మీరే రాశారు. లైటు కనిపించింది అంటే సిగ్నల్ ఇచ్చినట్టే. ఆ సమయానికి ఓడ ఆ దేశం నీళ్ళలోనే ఉంటే, బోటు కంటికి దూరం కాకుండా వెంట వస్తే, కెప్టెన్ ఎన్ని హద్దులు దాటించినా లాభం లేదు. నడి సముద్రంలో కూడా ఆపి తీసుకెళ్ళొచ్చు. పోలీసు దొంగను తరుముతూ వాడపల్లి బ్రిడ్జి దాటి పొందుగులకు పోయినా పట్టుకోవచ్చు కదా, అలాగన్నమాట. సముద్రంలో ఈ హక్కు ఆగిపోయేది ఎక్కడంటే, పారిపోతున్న ఓడ తన జెండా దేశం 12 మైళ్ళలోకి గానీ, మూడో దేశం 12 మైళ్ళలోకి గానీ దూరినప్పుడు. అక్కడ ఇంకొకరి పోలీసుకు చోటు లేదు. కొమొరోస్ ఆఫ్రికాకు అటువైపు, హిందూ మహాసముద్రంలో ఉంది. పశ్చిమ తీరం నుంచి అక్కడికి పారిపోవడం అన్నది జరిగేది కాదు.

మూడో దేశం నీళ్ళలోకి దూరితే తప్పించుకున్నట్టు కాదా అంటారేమో. 2022 ఆగస్టులో హీరోయిక్ ఇడున్ అనే పెద్ద ట్యాంకర్ మార్షల్ ఐలాండ్స్ జెండాతో నైజీరియా దగ్గర ఉండగా, రాత్రిపూట నైజీరియా నౌకాదళం ఆపబోతే సముద్రపు దొంగలేమోనన్న భయంతో పారిపోయింది. పక్కనే ఉన్న ఈక్వటోరియల్ గినియా దాన్ని పట్టుకుని, నవంబర్‌లో మళ్ళీ నైజీరియాకే అప్పగించింది. ఓడలో ఉన్న 26 మందిలో 16 మంది భారతీయులు. వాళ్ళు బయటపడింది 2023 మేలో. తొమ్మిది నెలలు. అది పెద్ద కంపెనీ ఓడ, పేరున్న జెండా, వెనక లాయర్లు ఉన్నారు. అయినా అన్నాళ్ళు పట్టింది.

సైగా తీర్పు చూపించి డీజిల్ పోయడం తప్పే కాదని కొందరు కెప్టెన్లు చెబుతుంటారు. అది పాత మాట. ఆర్థిక మండలిలో చేపల ఓడలకు డీజిల్ పోయడాన్ని తీర దేశం అడ్డుకోవచ్చా లేదా అన్నది సైగా కేసులో తేల్చలేదు, అలాగే వదిలేశారు. 2014లో వర్జీనియా జి అనే పనామా జెండా ట్యాంకర్ కేసులో అదే ట్రిబ్యునల్ తేల్చింది. చేపలు పట్టే విదేశీ ఓడలకు డీజిల్ పోయడం చేపల వేటలో భాగం లాంటిదే, దానికి పర్మిట్ పెట్టే హక్కు తీర దేశానికి ఉంది అని. ఆ కేసులో గినియా బిస్సావు ఓడను, డీజిల్‌ను పూర్తిగా జప్తు చెయ్యడం మాత్రం ఎక్కువైందంది. కాబట్టి మీ తమ్ముడి ఓడకు డీజిల్ పోయడానికి ఆ దేశం ఇచ్చే బంకరింగ్ పర్మిట్ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పర్మిట్ ఉన్న ఓడ నీలం లైటు చూసి పారిపోదు.

ఇక జెండా ఒకరిది, ఓనర్ ఒకరు, ఇది చెల్లుతుందా అన్న ప్రశ్న. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను డెక్ క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒక రోజు పొద్దున్నే డెక్కు పనివాళ్ళ మేస్త్రీ బోసన్ నన్ను ఓడ వెనక భాగం దగ్గర తాళ్ళకు కట్టిన పలక మీద కూర్చోబెట్టి కిందికి దించాడు. ఓడ వెనక దాని పేరు, కింద రిజిస్టర్ అయిన రేవు పేరు రాసి ఉంటాయి. ఆ అక్షరాలను ఇనుము మీద వెల్డింగ్ చేసి, దాని మీద రంగు వేస్తారు. పాత రేవు పేరు మీద నల్ల రంగు పూసి, కొత్త పేరు తెల్ల రంగుతో రాయాలి. రెండు కోట్లు పూసినా పాత అక్షరాల వెల్డింగ్ గీతలు వేలికి తగులుతూనే ఉన్నాయి. భోజనం వేళకు మా ఓడ దేశం మారిపోయింది. ఓడ ఒక్క అడుగు కదల్లేదు, ఓనర్ మారలేదు, మేము మారలేదు. కొత్త దేశాన్ని ఓడలో ఒక్కరూ చూడలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు జీతాలు ఆగితే ఎవరికి ఉత్తరం రాయాలో కెప్టెన్‌కే తెలియలేదు.

దీన్నే ఫ్లాగ్ ఆఫ్ కన్వీనియన్స్ అంటారు, సౌకర్యం చూసి తగిలించుకున్న జెండా. 1922లో రెండు అమెరికన్ ప్రయాణికుల ఓడలు, అక్కడ మద్యనిషేధం ఉందని, మద్యం అమ్ముకోవడానికి పనామా జెండాకు మారాయి. అప్పటి నుంచి ఇది పెరుగుతూ వచ్చింది. ఈ రోజు టన్నుల లెక్కన చూస్తే ప్రపంచంలో ఎక్కువ ఓడలు రిజిస్టర్ అయ్యేది లైబీరియా, పనామా, మార్షల్ ఐలాండ్స్‌లో. లైబీరియా రిజిస్ట్రీ ఆఫీసు నడిచేది అమెరికాలోని వర్జీనియాలో. మన తెలంగాణ లాగే సముద్రం లేని మంగోలియాకూ ఓడల రిజిస్ట్రీ ఉంది, అది సింగపూర్ నుంచి నడుస్తుంది. పన్ను తక్కువ, సిబ్బంది ఏ దేశం వాళ్ళైనా పరవాలేదు, అడిగేవాళ్ళు తక్కువ. అన్నీ చెడ్డవి కావు. రేవుల్లో తనిఖీలు చేసే యూరప్ దేశాల పారిస్ ఎంఓయూ అనే కూటమి ఏటా జెండాలకు వైట్, గ్రే, బ్లాక్ లిస్టులు వేస్తుంది. లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ వైట్‌లో ఉంటూ వస్తున్నాయి. కొమొరోస్ చాలా ఏళ్ళుగా బ్లాక్‌లో కనిపిస్తోంది.

ఓడకూ జెండా దేశానికీ మధ్య జెన్యూన్ లింక్, అంటే నిజమైన సంబంధం ఉండాలని 91వ అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. 1958 జెనీవా ఒప్పందంలోనే ఈ మాట వచ్చింది. కానీ ఆ సంబంధం అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. ఓనర్ ఆ దేశం వాడై ఉండాలా, సిబ్బంది ఉండాలా, అక్కడ ఆఫీసు ఉండాలా, ఏదీ లేదు. దాన్ని వివరంగా రాసిన 1986 ఒప్పందం ఒకటి ఉంది, సరిపడా దేశాలు చేరక అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు. సైగా కేసులో గినియా ఇదే పట్టుకుంది. ఈ ఓడకు సెయింట్ విన్సెంట్‌తో ఏ సంబంధమూ లేదు, పైగా రిజిస్ట్రేషన్ గడువు సెప్టెంబర్‌లోనే అయిపోయింది, కాబట్టి ఈ జెండాను మేము గుర్తించం అంది. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. జెన్యూన్ లింక్ పెట్టింది జెండా దేశం తన ఓడలను సరిగ్గా చూసుకోవాలని, ఇంకో దేశం ఆ రిజిస్ట్రేషన్ చెల్లదని కొట్టిపారేయడానికి కాదు అని చెప్పింది. జెండా దేశం సరిగ్గా చూడట్లేదనిపిస్తే ఆ దేశానికే ఫిర్యాదు చేసుకోవచ్చు, అంతే. గడువు విషయంలో కూడా గినియా మొదట్లో అభ్యంతరం పెట్టలేదు కాబట్టి సెయింట్ విన్సెంట్ వైపే మొగ్గింది.

ఈ తీర్పు మీద నా అభిప్రాయం దాచుకోను. చట్టంగా చూస్తే అది సరైనదే. ప్రతి దేశమూ నీ జెండా నకిలీది అంటూ ఓడలను పట్టుకుంటే సముద్రంలో ఎవరూ తిరగలేరు. కానీ దానివల్ల జెన్యూన్ లింక్ అన్న మాటకు కాగితం మీద తప్ప బలం లేకుండా పోయింది. ఆ ఖర్చు కట్టేది ఓనర్ కాదు, డెక్కు మీద పనిచేసేవాడు.

ఎందుకంటే, ఇండియా విడిపిస్తుందా అన్న మీ చివరి ప్రశ్న ఇక్కడే తగులుతుంది. సైగా తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఓడ, దాని మీద సరుకు, పనిచేసేవాళ్ళు, అందరూ కలిసి ఒకే యూనిట్, వాళ్ళందరి తరఫునా అడిగేది జెండా దేశం అని. అందుకే యుక్రెయిన్, సెనెగల్ మనుషుల గాయాలకు పరిహారం సెయింట్ విన్సెంట్ అడిగి తెచ్చింది. పట్టుకున్న ఓడను పూచీకత్తు మీద త్వరగా వదిలేయమని అడిగే 292వ అధికరణం కేసు కూడా జెండా దేశమే వెయ్యాలి, లేదా అది అధికారం ఇచ్చినవాళ్ళు. సైగా విషయంలో నవంబర్ 13న వేస్తే డిసెంబర్ 4న ఆర్డర్ వచ్చింది. ఓడ వదిలింది మాత్రం ఫిబ్రవరి 28న. మన దేశం చెయ్యగలిగింది ఎంబసీ నుంచి మనిషిని పంపి కలవడం, లాయరును చూపించడం, ఆ ప్రభుత్వంతో మాట్లాడటం. అది చిన్న విషయం కాదు, హీరోయిక్ ఇడున్ సిబ్బందికి అది పనికొచ్చింది. కానీ హాంబర్గ్ తలుపు తట్టే తాళం చెవి కొమొరోస్ చేతిలో ఉంటుంది. మీ తమ్ముడి కోసం కొమొరోస్ ఖర్చు పెట్టుకుని లాయర్లను పంపుతుందా అన్నది మీరే ఆలోచించండి.

ఇంకో భయం కూడా ఉంది. కొన్ని చిన్న ఓడలకు, ఆ దేశ ప్రభుత్వానికే తెలియని నకిలీ రిజిస్ట్రీలు సర్టిఫికెట్లు అమ్ముతున్నాయి. అలాంటి ఓడకు చట్టం కంట్లో ఏ దేశమూ లేదు. ఏ దేశం యుద్ధనౌకైనా నడి సముద్రంలో ఎక్కి తనిఖీ చెయ్యొచ్చు, వెంటాట షరతులు కూడా అక్కర్లేదు. అప్పుడు ఆ సిబ్బంది తరఫున అడిగే జెండాయే ఉండదు.

కాబట్టి ఈ వారమే మీ తమ్ముడితో ఈ పని చేయించండి. బ్రిడ్జి దగ్గర ఉండే సర్టిఫికెట్ ఆఫ్ రిజిస్ట్రీని ఎవరితోనూ గొడవ పడకుండా ఫోన్‌లో ఫొటో తియ్యమనండి. అందులో ప్రొవిజనల్ అని ఉందా, గడువు తేదీ ఎప్పుడు అని చూడండి. గడువు దాటి ఉంటే సైగా అదృష్టం అందరికీ ఉండదు. ఓడ మీద IMO అని ఏడంకెల నంబరు ఉంటుంది. ఓడ పేరు మారినా, జెండా మారినా ఆ నంబరు మారదు. దాన్ని Equasis అనే ఉచిత వెబ్‌సైట్‌లో కొడితే ఓడ జెండా, ఓనర్, పాత పేర్లు, రేవుల్లో ఎన్నిసార్లు ఆపేశారో కనిపిస్తాయి. అక్కడి జెండా, ఫొటోలోని జెండా ఒకటి కాకపోతే ఇక ఆలోచించక్కర్లేదు, దిగిపోవాల్సిందే.

సిబ్బంది జీతాలకు, ఇంటికి పంపే ఖర్చులకు ఇన్సూరెన్స్ ఉందని చూపే సర్టిఫికెట్‌ను ఓడలో అందరికీ కనిపించేలా అంటించాలని సముద్ర కార్మికుల ఒప్పందం చెబుతుంది. ఓనర్ వదిలేసినా నాలుగు నెలల వరకు జీతం దాని నుంచి వస్తుంది. మెస్ రూమ్‌లో అది ఉందో లేదో చూడమనండి. ఓడల్లో పనికి మనుషులను పంపే ఏజెంట్లకు మన ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్స్‌ను ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. ఏజెంటు ఇచ్చిన ఆ నంబరు మీ దగ్గర ఉంటే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు లేదంటే, ఆ ఏజెంటు మీకు ఏ మాట చెప్పినా దానికి జవాబుదారీ లేనట్టే. డీజీ షిప్పింగ్‌కు ఫిర్యాదు పంపడానికి ఆ నంబరు, కాంట్రాక్టు కాపీ, సీమన్ గుర్తింపు పుస్తకం సీడీసీ కాపీ మీ దగ్గర మిర్యాలగూడలో ఉండాలి. ఓడలో ఉంటే అవసరమైన రోజున చేతికి రావు.

పోయిన నెల రాత్రి జరిగింది తమ్ముడు ఒక కాగితం మీద రాసి మీకు పంపాలి. తేదీ, టైము, తను ఏ డ్యూటీలో ఉన్నాడు, లైటు ఎంత దూరంలో చూశాడు, ఆపవద్దని ఎవరు చెప్పారు. రేపు కేసు వస్తే ఆ ఆర్డర్ ఇచ్చింది కెప్టెనా, మీ తమ్ముడా అన్నది అదే చెబుతుంది. ఇంకోసారి గస్తీ బోటు వస్తే తాను మాత్రం చేతులు కనిపించేలా పెట్టి డెక్కు మీద నిలబడాలి. గొట్టాలు కొయ్యడం, తాళ్ళు విసరడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యకూడదు. చేపల చట్టం కింద ఆర్థిక మండలిలో పట్టుకుంటే జైలు శిక్ష వెయ్యకూడదని 73వ అధికరణం ఉంది. కానీ 12 మైళ్ళ లోపల స్మగ్లింగ్ అని, అధికారులను అడ్డుకున్నాడని కేసు రాస్తే ఆ రక్షణ పనిచెయ్యదు.

అన్నింటికంటే ముందు, వచ్చే రేవులో సైన్ ఆఫ్, అంటే పని ముగించి ఓడ దిగిపోవడం, అడగమనండి. అడిగింది ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఉండాలి, నోటి మాటగా కాదు. ఓడ రేవుకు రాకుండా సముద్రంలోనే తిరుగుతోందని, సిబ్బందిని బోటుల్లో మార్చుతున్నారని తమ్ముడు చెబితే నాకు వెంటనే IMO నంబరుతో మళ్ళీ రాయండి. అలాంటప్పుడు ఇటు డీజీ షిప్పింగ్‌కు, దగ్గరలోని మన ఎంబసీకి, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్‌కు ఒకే రోజు ఉత్తరాలు పోవాలి. ఎలా రాయాలో నేను రాసిస్తాను.